కిరాణా కొట్లో తొలిసారి మనిషిని పెట్టుకోవాలా? నలుగురిలో ఎవరిని, ఎలా పరీక్షించి తీసుకోవాలి

ప్రతి గురువారం మా ఆయన సరుకు కోసం బేగంబజారుకు వెళ్తారు. జడ్చర్ల నుంచి హైదరాబాదు 80 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, పొద్దున్నే బయలుదేరినా చీకటి పడ్డాక గానీ తిరిగి రారు. మిగతా రోజుల్లోనూ పది నుంచి మూడు వరకు హోటళ్లకు, టిఫిన్ సెంటర్లకు సరుకు చేరవేస్తూ ఉంటారు. ఆ ఐదు గంటలు కొట్టు నా ఒక్కదాని మీద. మంచాన పడ్డ మా అత్తగారికి అన్నం పెట్టి మందులు వేయడానికి మధ్యాహ్నం షట్టరు దించి ఇంట్లోకి వెళ్లేదాన్ని. బాదేపల్లి మార్కెట్ యార్డులో వేరుశనగో మొక్కజొన్నో అమ్ముకుని, చేతిలో డబ్బుతో బయటికి వచ్చే రైతులు సరిగ్గా ఆ వేళకే వస్తారు. దించిన షట్టరు చూసి పక్క కొట్టుకు వెళ్లిపోయేవారు.

మనిషిని పెట్టుకుందామని నలుగురికి చెప్పగానే నలుగురు వచ్చారు. ఎవరిని తీసుకోవాలో తేల్చుకోలేక మూడు వారాలు గడిచిపోయాయి. అందరూ మంచివాళ్లలాగే మాట్లాడారు మరి. మాటలు పక్కనపెట్టి కాంటా ముందు నిలబెట్టాకే ఎవరు ఏ పనికి సరిపోతారో తెలిసింది. మీరూ ఇలాంటి సందిగ్ధంలో ఉంటే ఇది మీకోసమే.

## మనిషి కంటే ముందు గంటలు

కొట్లో పని రెండు రకాలు. బస్తాలు దించడం, సరుకు సర్దడం, పొట్లాలు కట్టడం చేతి పని. తూచి ఇచ్చి, లెక్క కట్టి, డబ్బు తీసుకోవడం గల్లా పని. చేతి పనికి మనిషిని పెట్టుకుంటే మీరు కొట్లోనే ఉండాలి. గల్లా పనికి పెట్టుకుంటే మీరు లేనప్పుడు కొట్టు నడవాలి. చాలామంది చేతి పని చూసి మనిషిని తీసుకుని, నెల తిరక్కుండానే గల్లా దగ్గర కూర్చోబెడతారు. గొడవలు అక్కడే మొదలవుతాయి.

అందుకే ఒక వారం పాటు మీరు కొట్లో లేని గంటలన్నీ కాగితం మీద రాయండి. మా కాగితంలో పది నుంచి మూడు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. యార్డులో సరుకు ఎక్కువగా వచ్చే రోజుల్లో మాత్రం సాయంత్రం కూడా చేతులు చాలడం లేదు.

తర్వాత జీతం లెక్క. కిరాణాలో అన్నీ కలిపి నూటికి పది రూపాయలు మిగులుతాయనుకుందాం. రోజంతా ఉండే మనిషికి నెలకు 12,000 ఇస్తే, ఆ డబ్బు రావడానికి అదనంగా 1,20,000 అమ్మాలి. అంటే రోజుకు 4,000. మాకు మధ్యాహ్నం పోయే బేరం అంత లేదు. అదే ఐదు గంటల మనిషికి 6,000 అనుకుంటే రోజుకు 2,000 అదనపు బేరం చాలు. అది అందుబాటులోనే ఉంది. ఇవి లెక్క తెలియడానికి వేసిన అంకెలు మాత్రమే. మీ మిగులు, మీ జీతం వేసుకుని చూడండి. దుకాణాల్లో పనిచేసేవారికి ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయిస్తుంది. ప్రస్తుతం ఎంత ఉందో జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి, దానికి తగ్గకుండా లెక్క వేసుకోవాలి.

## దేన్ని బట్టి పోల్చాలి

నేను నాలుగు విషయాలు చూశాను. మనకు కావలసిన గంటల్లో ఆ మనిషి ఏడాది పొడవునా ఉంటారా? తూకం, లెక్క వచ్చా, రాకపోతే ఎన్నాళ్లలో వస్తాయి? రెండు గంటలు ఒంటరిగా వదిలి వెళ్లగలమా? కుదరకపోతే మనసులు విరగకుండా మాన్పించగలమా? ఈ చివరి ప్రశ్న ఎవరూ వేసుకోరు. నా మటుకు అన్నిటికంటే బరువైనది అదే. తొలిసారి మనిషిని పెట్టుకునేవారు పొరబడే అవకాశమే ఎక్కువ కాబట్టి, ఆ పొరపాటును దిద్దుకోవడానికి అయ్యే ఖర్చు కూడా చూసుకోవాలి.

నిజాయతీని ఈ వరుసలో ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. ముఖం చూసి అది తెలియదు. దాన్ని ఏర్పాటుతో కాపాడుకోవాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

| | బంధువుల అబ్బాయి | అనుభవమున్న గుమాస్తా | డిగ్రీ చదివే కుర్రాడు | ఇంటి దగ్గరి గృహిణి |
|---|---|---|---|---|
| వేళలు | ఎప్పుడైనా | రోజంతా అయితేనే వస్తారు | సాయంత్రాలు, సెలవులు | పిల్లలు బడిలో ఉన్నంతసేపు |
| తూకం, లెక్క | నేర్పాలి | వచ్చు, పాత అలవాట్లతో సహా | లెక్క వచ్చు, తూకం నేర్పాలి | మనిషిని బట్టి |
| ఒంటరిగా వదలడం | వదలవచ్చు, లెక్క అడగడం కష్టం | మొదటి వారం నుంచే | నెల తర్వాత | మూడు వారాల తర్వాత |
| బరువులు | మోస్తాడు | మోయరు, మోయిస్తారు | మోస్తాడు | మోయించకూడదు |
| మాన్పించడం | చుట్టరికం చెడుతుంది | సులువు | సులువు | ఎదురుపడుతూ ఉంటారు, మాట ముఖ్యం |

## నలుగురి గురించీ నాలుగు మాటలు

బంధువుల అబ్బాయి మా ఆడపడుచు కొడుకు. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నాడు. "బయటివాళ్లకు ఇచ్చే జీతం వాడికే ఇవ్వండి వదినా" అని ఆమె అడిగింది. అడగడంలో తప్పు లేదు. కానీ గల్లాలో 200 తక్కువ వచ్చిన రోజు ఆ అబ్బాయిని "ఏమైంది?" అని అడిగితే అది లెక్క ప్రశ్నగా ఉండదు, సాయంత్రానికి ఫోన్లో ఇంటి పంచాయితీ అవుతుంది. నేను అడగలేను, అడగకుండా ఉండలేను. మీరు ఎప్పుడూ కొట్లోనే ఉంటూ చేతి పనికి మాత్రమే మనిషి కావాలనుకుంటే బంధువుల అబ్బాయి మంచివాడే. బస్తాల దగ్గర చుట్టరికం అడ్డురాదు.

గుమాస్తా పెద్ద కొట్లో ఎనిమిదేళ్లు చేసిన మనిషి. ధరలు నోటి మీద ఉంటాయి, పొట్లం కట్టే చెయ్యి కంటికి కనిపించదు. బేగంబజారులో ఏ సందులో ఏ సరుకు చవకో కూడా చెప్పాడు. రోజంతా తెరిచి ఉండి, ఇద్దరు ముగ్గురు నిలబడేంత రద్దీ ఉన్న కొట్టుకు ఇంతకంటే మేలైన మనిషి దొరకడు. చిన్న కొట్టుకు చిక్కు ఏమిటంటే, ఆయన పాత యజమాని పద్ధతులు కూడా వెంట వస్తాయి. అక్కడ ఉద్దెర ధారాళంగా ఇచ్చేవారట. ఇక్కడా ఇస్తాడు. ఆయనకు అది సాధారణం, మనకు నెలాఖరున చేతిలో డబ్బు లేకపోవడం.

డిగ్రీ కుర్రాడు చురుకు. ఫోను చెల్లింపుల సంగతి మనకంటే అతనికే బాగా తెలుసు. కానీ పరీక్షలప్పుడు నెల రోజులు రాడు. చదువు అయిపోగానే హైదరాబాదు వెళ్తాడు, వెళ్లాలి కూడా. ఏడాదిన్నర ఉంటాడని ముందే అనుకుని తీసుకుంటే బాధ ఉండదు.

గృహిణి మా వెనక వీధి ఆవిడ. పిల్లలిద్దరూ బడికి వెళ్తారు. పొదుపు సంఘంలో ఐదేళ్లుగా పుస్తకాలు రాస్తున్నానని చెప్పింది. ఆ మాట దగ్గర నేను ఆగాను. పది మంది ఆడవాళ్ల కిస్తీలు, వడ్డీలు, బ్యాంకు బాకీ పుస్తకంలో తప్పు లేకుండా ఎక్కించే మనిషికి ఖాతా పుస్తకం కొత్త కాదు. మన జిల్లాల్లో కొట్టు పనికి ఇలాంటివారిని తలుచుకునేవారు తక్కువ. ఒకప్పుడు పక్క ఊళ్ల నుంచి వచ్చేవారికి బస్సు ఛార్జీలకే జీతంలో కొంత పోయేది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి మిడ్జిల్ వైపు నుంచి, బాలానగర్ వైపు నుంచి కూడా మనిషి దొరుకుతుంది.

ఐదో రకం ఒకటుంది, ఆ దారిలో వెళ్లవద్దు. "బడి మానేశాడు, ఊరికే తిరుగుతున్నాడు, ఏదో ఒకటి ఇవ్వండి" అని పిల్లవాడిని తెచ్చి అప్పగించేవారు వస్తారు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. 18 నిండాయని ఆధార్‌లో చూసుకున్నాకే మాట్లాడండి.

## ఏమి అడగాలి

"నమ్మకంగా ఉంటావా?", "కష్టపడతావా?" అని అడిగితే ఎవరైనా ఒకే జవాబు చెబుతారు. జవాబులో వివరం వచ్చేలా అడగాలి.

ఊరి నుంచి వచ్చేవారిని నేను అడిగే మొదటి ప్రశ్న "మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి?" అది ఏడున్నరకు అయితే ఏడుకే ఆ మనిషి చూపు గడియారం మీద ఉంటుంది. ఎనిమిది వరకు ఉంటానని నోటితో చెప్పినా ఉండలేరు. తప్పు వారిది కాదు.

రెండోది "పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ఎవరు వెళ్తారు?" దసరా దగ్గర నుంచి సంక్రాంతి దాకా చేలో పని ఉంటుంది, మన కొట్లో బేరం కూడా అప్పుడే ఎక్కువ. సొంత చేను ఉన్న ఇంటి మనిషి ఆ రోజుల్లో రానని ముందే చెబితే, వారానికి రెండు రోజులు సెలవు ఇచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. చెప్పకుండా మానేస్తేనే చిక్కు.

ఇంతకుముందు పనిచేసినవారిని "ఎందుకు మానేశారు?" అని నేను ముందుగా అడగను. "అక్కడ పొద్దున కొట్టు తెరిచాక మొదట ఏ పని చేసేవారు?" అంటాను. నిజంగా చేసినవారు ఆగకుండా చెబుతారు: ఊడ్చి, నీళ్లు చల్లి, పాల పాకెట్లు లెక్కపెట్టి, బయట పెట్టే బస్తాలు జరిపి… చేయనివారు "అన్నీ చేసేవాళ్లం" అంటారు. తర్వాత "లెక్క తక్కువ వచ్చిన రోజు ఏమి చేసేవారు?" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం. మా గుమాస్తా "నా దగ్గర ఎప్పుడూ తక్కువ రాలేదు" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తక్కువ రాని గల్లా ఉండదు. గృహిణి "సంఘంలో ఒకసారి 150 తేడా వచ్చింది. రాత్రి పదకొండు దాకా చీటీలన్నీ మళ్లీ కూడి చూస్తే ఒకామె కిస్తీ రెండుసార్లు ఎక్కించాను" అంది.

చివరగా డబ్బు మాట. "జీతం ఏ తారీఖున కావాలి? ముందుగా ఏమైనా కావాలా?" అని మీరే అడగండి. పాలమూరు మనుషులకు ముందస్తు తీసుకుని వలస వెళ్లిన అనుభవం తరాల నుంచి ఉంది. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ వదలకపోవడమూ తెలుసు. కాబట్టి అడ్వాన్సు ఇస్తే నెల జీతం దాటకుండా ఇవ్వండి, నెలకు ఎంత పట్టుకుంటారో రాసుకోండి, బాకీ ఉన్నా మానేసే స్వేచ్ఛ ఉందని చెప్పండి. బాకీ చూపించి మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నుంచి చట్టప్రకారం నేరం. ఆధార్ జిరాక్సు తీసుకోండి, అసలు కార్డు గానీ చదువు సర్టిఫికెట్లు గానీ మీ దగ్గర అట్టిపెట్టుకోవద్దు. కులం, ఇంకా పిల్లల్ని కంటారా లాంటి ప్రశ్నలు కొట్టు పనికి సంబంధం లేనివి.

## కాంటా ముందు పరీక్షలు

ఒక్కొక్కరికి ముప్పావు గంట చాలు. ముందే చెప్పండి: ఇది పరీక్ష, తప్పు చేస్తే పరవాలేదు, కాలిక్యులేటరు వాడవచ్చు, తెలియనిది అడగవచ్చు. అడుగుతారా లేదా అన్నదే సగం పరీక్ష.

తూకం. ఎలక్ట్రానిక్ కాంటా పక్కన ఖాళీ స్టీలు గిన్నె పెట్టి, అరకిలో చక్కెర, పావుకిలో పెసరపప్పు, అరపావు జీలకర్ర తూచి పొట్లాలు కట్టమనండి. గిన్నె 150 గ్రాములు ఉందనుకోండి. గిన్నె పెట్టి, టేర్ బటన్ నొక్కి, సున్నా వచ్చాక పోసేవారు పని తెలిసినవారు. నొక్కకుండా పోస్తే కాంటా 500 చూపించినా కొన్నవారికి 350 గ్రాములే వెళ్తుంది. రెండో తప్పు దీనికంటే మాయదారిది. టేర్ నొక్కి చక్కెర తూచాక గిన్నె తీసేస్తే కాంటా మీద మైనస్ 150 కనిపిస్తుంది. అది చూడకుండా తర్వాతి పొట్లాన్ని నేరుగా పళ్లెం మీద పెట్టి 250 వచ్చేదాకా పోస్తే, నిజానికి 400 గ్రాములు వెళ్తుంది. ఆ నష్టం మనది. ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి నెలల తరబడి తెలియదు కూడా.

నలుగురిలో గుమాస్తా ఒక్కడే మొదటిసారే టేర్ నొక్కాడు. గృహిణి "ఈ గిన్నె బరువు కూడా ఇందులో వస్తుంది కదమ్మా?" అని అడిగింది. నేర్పిస్తే రెండోసారి తానే చేసింది. బంధువుల అబ్బాయి, డిగ్రీ కుర్రాడు అడగలేదు. వేగం చూడవద్దు. అది నెలలో వస్తుంది. చివర్లో పది గ్రాములు ఎక్కువ పడితే తిరిగి తీస్తారా, వదిలేస్తారా అన్నది మాత్రం చూడండి. అన్నట్టు, పరీక్ష పెట్టే ముందు మీ కాంటాకు తూనికలు కొలతల శాఖ వారి ఈ ఏటి ముద్ర ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

చీటీ, చిల్లర. ధరలతో చీటీ రాసి ఇవ్వండి. చక్కెర 2 కిలోలు, కిలో 44. కందిపప్పు అరకిలో, కిలో 130. చింతపండు పావుకిలో, కిలో 160. నూనె పాకెట్టు ఒకటి, 140. ఉప్పు పాకెట్టు, 20. మీరే కొనేవారిగా నిలబడి 500 నోటు ఇవ్వండి. మొత్తం 353, తిరిగి ఇవ్వవలసింది 147. లెక్క తేలి, చిల్లర చేతిలోకి తీసుకుంటున్నప్పుడు "ఇదిగో, నా దగ్గర మూడు రూపాయలున్నాయి" అని అందించండి. ఇప్పుడు 150 ఇవ్వాలి. కాగితం మీద ఎంత బాగా కూడినా, ఇక్కడ తడబడేవారు ఉంటారు. తడబడి, ఆగి, మళ్లీ లెక్కపెట్టుకుంటే మంచిదే. తడబడి తోచినంత చేతిలో పెట్టేస్తే మంచిది కాదు.

నోటు ఎక్కడ పెడుతున్నారో కూడా గమనించండి. చిల్లర ఇచ్చేదాకా 500 నోటు గల్లాలో వేయకుండా బల్ల మీద కంటికి కనిపించేలా ఉంచాలి. లేకపోతే "నేను ఇచ్చింది 500", "కాదు 200" అన్న వాదన వస్తుంది, మనమే ఓడిపోతాం. ఈ అలవాటు గుమాస్తాకు లేదు. డిగ్రీ కుర్రాడికి ఉంది. వాళ్ల నాన్న బస్సు కండక్టరట.

మోగని పెట్టె. కొట్టు స్పీకరు పెట్టె ఆపేసి, ఫోన్లో చెల్లించినట్టున్న తెర చూపించి "పంపాను, చూడు" అనండి. నిజమో కాదో తెర చూసి చెప్పలేం, అది పాత చెల్లింపు బొమ్మ కావచ్చు. "పెట్టె మోగలేదండీ, ఒక్క నిమిషం ఆగండి" అని యజమానికి ఫోను చేసి అడిగేవారు పాసయినట్టు. సరుకు చేతికి ఇచ్చేసినవారికి నేర్పాలి. డిగ్రీ కుర్రాడు తెర మీద తేదీ, సమయం కూడా చూశాడు. పెద్దమనిషిని ఆపలేక బంధువుల అబ్బాయి సంచి ఇచ్చేశాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మొహమాటం ఎంత ఖరీదు చేస్తుందో ఈ పరీక్షలో తెలుస్తుంది.

ఉద్దెర. "మా లక్ష్మమ్మ పేరు మీద రాసుకో, శనివారం ఇస్తాం" అనండి. మా ఖాతా పుస్తకంలో లక్ష్మమ్మలు ముగ్గురున్నారు. గుమాస్తా "సరేనండీ" అని రాసేసుకున్నాడు. గృహిణి "ఏ లక్ష్మమ్మ? ఏ వీధి? పాత బాకీ ఎంత ఉందో చూడనివ్వండి" అంది. చూశాక "ఇంత బాకీ ఉండగా నేను ఇవ్వలేను, అక్క వచ్చాక అడగండి" అని నెమ్మదిగా చెప్పింది. నా మనసు ఆమె వైపు మొగ్గింది ఆ క్షణంలోనే.

గల్లాలో 50 నోటు ఎక్కువ వేసి ఎవరు తీస్తారో చూడమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఒక్కరోజు తీయనివారు ఆరు నెలల తర్వాత తీయరని అది చెప్పదు. ఉచ్చు బిగించారని తెలిసిన మనిషి ఇంకెప్పుడూ మనతో మనసు విప్పి మాట్లాడరు.

## మూడు రోజుల పని

పరీక్షల తర్వాత ఇద్దరిని మిగిల్చి, ఒక్కొక్కరిని మూడేసి రోజులు రమ్మన్నాను. తీసుకున్నా తీసుకోకపోయినా మూడు రోజుల కూలి ఏ రోజుకు ఆ రోజే చేతిలో పెట్టాలి. "ట్రయల్" పేరుతో ఉచితంగా చేయించుకోవడం అన్యాయం, పైగా ఊళ్లో మాట పోతుంది.

మొదటి రోజు రద్దీ రోజై ఉండాలి. రెండోది ఖాళీ రోజు. ఖాళీ రోజునే మనిషి తెలుస్తారు. బేరం లేనప్పుడు కొత్త బిస్కెట్ పాకెట్లను వెనక్కి పెట్టి పాతవాటిని ముందుకు జరుపుతున్నారా, పప్పు డబ్బాల చుట్టూ దుమ్ము తుడుస్తున్నారా, లేక ఫోను చూస్తూ కూర్చున్నారా? చెప్పినప్పుడు చేసేవారికీ చూసి చేసేవారికీ తేడా ఆ రోజు కనిపిస్తుంది. మూడో రోజు రెండు గంటలు వదిలి వెళ్లండి.

ఆ రెండు గంటల్లో నిజాయతీని కాపాడే ఏర్పాటు గురించి ఇందాక చెబుతానన్నాను. చిన్న కొట్లో బిల్లు యంత్రం ఉండదు. కాబట్టి గల్లా లెక్కపెడితే అందులో ఎంత ఉందో తెలుస్తుంది గానీ ఎంత ఉండాలో తెలియదు. దీనికి నేను చేసేది ఇది. వెళ్లేముందు గల్లాలో 1,000 రూపాయల చిల్లర ఇద్దరం కలిసి లెక్కపెట్టి ఉంచుతాం. ప్రతి అమ్మకానికీ చీటీ పుస్తకంలో ఒక చీటీ. లెక్కకు సులువైన ఐదు సరుకులు, అంటే నూనె పాకెట్లు, పెద్ద టీ పొడి పాకెట్లు, సబ్బులు లాంటివి ముందూ తర్వాతా లెక్కపెడతాం. ఆ రోజు నూనె పాకెట్లు 24 ఉన్నాయి, వచ్చేసరికి 17 మిగిలాయి. ఏడు పోయాయి కాబట్టి చీటీల్లో ఏడు నూనెలు, 980 రూపాయలు కనిపించాలి. ఆరే కనిపించాయి. ఇద్దరం వెతికితే ఏడో పాకెట్టు ఒక చీటీలో "నూ" అని రాసి, అంకె వేయకుండా వదిలేసినది. డబ్బు మాత్రం గల్లాలో ఉంది. విడి పప్పు, చక్కెరలు ఈ పద్ధతికి చిక్కవు, ఆ సంగతి తెలుసుకునే ఉండాలి. కానీ ఐదు సరుకులు వరుసగా సరిపోతుంటే మిగతావాటి గురించి నిద్ర పట్టేంత నమ్మకం వస్తుంది. పైగా ఈ లెక్క మనిషిని అనుమానించినట్టు ఉండదు. మా ఆయన కూర్చున్నా ఇదే లెక్క అని మొదటి రోజే చెప్పాను. ఆయన కొంచెం మొహం ముడుచుకున్నారు గానీ, లెక్క ఇస్తున్నారు.

## మేము ఎవరిని తీసుకున్నాం, మీరు ఎవరిని తీసుకోవచ్చు

పది నుంచి మూడుకు గృహిణిని తీసుకున్నాం. తూకంలో గుమాస్తా ముందున్నాడు, ఫోను చెల్లింపుల్లో కుర్రాడు ముందున్నాడు. కానీ నేను లేని గంటల్లో కొట్టుకు కావలసింది అడిగి తెలుసుకునే మనిషి, ఉద్దెరకు "ఆగండి" అనగలిగే మనిషి. ఈ ఎంపికలో నేను చూసుకోనిది ఒకటుంది. యార్డు రోజుల్లో సాయంత్రం వచ్చే బస్తాలు. 25 కిలోల బియ్యం బస్తాలు దించే పని ఆమెకు చెప్పలేను, చెప్పకూడదు. రెండు నెలల తర్వాత ఆ సాయంత్రాలకు డిగ్రీ కుర్రాడిని కూడా పిలిచాం. ముందే ఆలోచించి ఉంటే మొదటి రోజే ఇద్దరితో మాట్లాడుకునేదాన్ని.

మీది రోజంతా రద్దీ ఉండి, మీరు సరుకు కొనడానికి తరచుగా వెళ్లే కొట్టు అయితే గుమాస్తానే తీసుకోండి. ఉద్దెర ఎవరికి ఎంతవరకు అన్నది మాత్రం పేర్లతో సహా గోడకు అంటించకుండా, గల్లా లోపలి మూతకు రాసి పెట్టండి. మీరు కొట్టు వదలరు, నడుము నొప్పితో బరువులు మోయలేరు, అంతేనా? అయితే బంధువుల అబ్బాయి గానీ సాయంత్రం కుర్రాడు గానీ చాలు, గల్లా తాళం మీ దగ్గరే ఉంటుంది. ఒంటరిగా కొట్టు నడిపే ఆడవాళ్లకు మగ గుమాస్తా ఉంటే ధైర్యం అంటారు. రాత్రి తొమ్మిది దాకా తెరిచే కొట్టుకు అది నిజమే కావచ్చు. పగటి కొట్టుకు నాకు ఆ అవసరం కనిపించలేదు.

ఎవరిని తీసుకున్నా మొదటి రోజే ఒక కాగితం రాసుకోండి. పని గంటలు, జీతం, జీతం ఇచ్చే తారీఖు, వారానికి ఒక సెలవు, మానాలంటే ఎవరైనా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, లెక్కలో తేడా వస్తే ఏమి చేస్తాం. ఈ చివరిదాని కింద మేము రాసుకున్నది: తేడా జీతంలో కోయం, ఇద్దరం కూర్చుని వెతుకుతాం, ఒకే రకం తేడా మూడుసార్లు వస్తే ఆ పని పద్ధతి మారుస్తాం. ఒక్కరినే పెట్టుకున్న కొట్టుకు పీఎఫ్, ఈఎస్ఐ రావు. అవి 20 మంది, 10 మంది లెక్కతో మొదలవుతాయి. దుకాణాల చట్టం కింద నమోదు, పైన చెప్పిన వారపు సెలవు మాత్రం ఉండాల్సిందే.

ఐదు సరుకుల లెక్క మొదటి నెల రోజూ చేశాం. ఇప్పుడు గురువారాలే. గత నెల నేను మరిచిపోతే ఆమే నూనె పాకెట్లు లెక్కపెట్టి చీటీ మీద రాసి ఉంచింది. ఈసారి "నూ" పక్కన అంకె కూడా ఉంది.